కోపం రాని పూటలు కూడా రాసుకోండి: పనిలో మిమ్మల్ని రేపేది ఏమిటో పట్టుకునే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో మార్చి నెల పొద్దున ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. బస్తాలు మోసే ముఠావాళ్ళ కేకలు, కాటా దగ్గర అరుపులు, లారీ హారన్లు, మధ్యలో ఘాటుకి దగ్గులు. అలాంటి చోట కమిషన్ కొట్లో పనిచేసే గుమస్తా ఒకతను "మా సార్ గొంతు పెంచితే నాకు పడదు, తిక్క రేగిపోతుంది" అన్నాడనుకోండి. నమ్మే ముందు ఒక మాట అడగాలి. గొంతే కారణమైతే అతనికి రోజుకి యాభైసార్లు తిక్క రేగాలి కదా? రేగట్లేదు. వారానికి రెండు మూడుసార్లే రేగుతోంది. అంటే రేపుతున్నది ఇంకేదో ఉంది.

మన ట్రిగ్గర్, అంటే మనల్ని రేపే సంగతి, ఏమిటో మనకి తెలుసనే అనుకుంటాం. మొదట నోటికొచ్చే పేరు మాత్రం చాలాసార్లు తప్పు. గొడవంతా అయ్యాక మనకి గుర్తుండేది ఎక్కువ చప్పుడు చేసిన ముక్క. అసలు మంట అంటించిన ముక్క దానికి నిమిషం ముందే, ఏ చప్పుడూ లేకుండా జరిగిపోయి ఉంటుంది. అందుకే జ్ఞాపకం మీద ఆధారపడకుండా మూడు వారాలు కాగితం మీద పెట్టాలి. పెట్టేటప్పుడు చాలామంది వదిలేసేది ఒకటుంది: అదే సంగతి జరిగినా కోపం రాని పూటలు. ఈ పద్ధతి మొత్తానికి ఇరుసు అదే.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో రాసుకున్నా ఫరవాలేదు. కానీ కొట్లోనో ఆఫీసులోనో పదిమంది చేతులు పడే ఫోనైతే వద్దు. యజమాని గురించి రాసుకున్న కాగితం యజమాని కంట పడితే కొత్త గొడవ మొదలవుతుంది. పేర్ల బదులు గుర్తులు పెట్టుకోండి: "పె" అంటే పెద్దాయన, "కొ" అంటే కొనుబడిదారు, అలా. గడువు 15 పనిరోజులు. అంతకన్నా తగ్గితే పోల్చి చూడటానికి సరిపడా సంగతులు దొరకవు. మరీ సాగదీస్తే రాయడం మానేస్తారు.

ఏది అతి అనుకోవాలి

ప్రతి కోపమూ అతి కాదు. తూకంలో మోసం కనిపిస్తే గట్టిగా మాట్లాడటం పనిలో భాగం. అతిని పట్టుకోవడానికి రెండు అంకెలు వేసుకోండి. ఒకటి, సంగతి ఎంత పెద్దది, సున్నా నుంచి పదిలో. ఇది అప్పుడే కాదు, సాయంత్రం స్థిమితపడ్డాక వేయాలి. "ఇదే పక్క కొట్టు గుమస్తాకి జరిగితే నేను ఎంత వేస్తాను?" అని అడిగి వేస్తే అంకె నిజానికి దగ్గరగా వస్తుంది. రెండోది, మీరు ఎంత కదిలారు. ఇది అప్పటికప్పుడు వేయాలి. రెండో అంకె మొదటి అంకెని మూడుకి మించి దాటితే ఆ సంగతిని "అతి" కింద పెట్టండి.

ఒక జాగ్రత్త. అతి అంటే అరవడం ఒక్కటే కాదు. మొహం మాడ్చుకుని మధ్యాహ్నం దాకా ఎవరితో మాట్లాడకపోవడం, అన్నం మానేయడం, కావాలని చీటీ ఆలస్యంగా ఇవ్వడం, వాట్సాప్‌లో పొడిగా "సరే సార్" అని కొట్టి ఫోను పక్కన పడేయడం, ఇవీ లెక్కే. పెద్దవాళ్ళ ముందు నోరెత్తకూడదని పెరిగినవాళ్ళలో ఈ రెండో రకమే ఎక్కువ. అది బయటికి కనబడదు కాబట్టి వాళ్ళు "నాకసలు కోపమే రాదు" అనుకుంటూ ఉంటారు.

ప్రతి సంగతికీ రాయాల్సిన ఐదు ముక్కలు

సంగతి జరిగిన అరగంటలోపు రాయాలి, ఐదారు లైన్లు చాలు. రాత్రి పడుకోబోయే ముందు రాస్తే అప్పటికి మీ మనసులో వాదన తయారైపోయి ఉంటుంది. మీరు సంగతిని కాకుండా ఆ వాదనని రాస్తారు. అరగంటలో వీలుకాకపోతే కనీసం టైమూ, రెండు మాటలూ చీటీ వెనకాల గీకి పెట్టుకోండి.

మొదటి ముక్క: గోడకున్న సీసీ కెమెరాకి ఏం కనిపించి ఉంటుందో, ఏం వినిపించి ఉంటుందో అది. "నన్ను పూచికపుల్లలా తీసేశాడు" అని కెమెరా చెప్పదు. "నేను మాట్లాడాను, ఆయన ఫోన్ చూస్తున్నారు, తల ఎత్తలేదు, పక్కనున్న కొనుబడిదారుతో మాట్లాడటం మొదలుపెట్టారు" అని చెబుతుంది. పద్ధతి ఎక్కువగా తప్పేది ఇక్కడే. "పొగరుగా మాట్లాడాడు" అని రాస్తే మూడు వారాల తరవాత మీ చేతిలో ఉండేది ఇరవైసార్లు "పొగరు" అన్న మాట. దాన్నుంచి ఏమీ తేలదు.

గొంతు, ధోరణి మీద మీకు పట్టింపు ఉంటే అవతలి మనిషి అన్న మాటని అక్షరం పొల్లుపోకుండా రాయండి. తెలుగులో ధోరణి చాలావరకు మాట చివర ఉంటుంది. "పట్టీ రాశారా?" వేరు, "పట్టీ రాశారా లేదా?" వేరు, "పట్టీ రాశావా అసలు?" వేరు. "చెప్పాగా" అన్నదాంట్లో ఆ "గా", "సరేలే" అన్నదాంట్లో ఆ "లే", నిన్నటిదాకా "మీరు" అన్నవాళ్ళు నలుగురి ముందు "నువ్వు" అనడం, ఇవి కొందరికి ఎంత కేకేసినా తగలనంతగా తగులుతాయి. మీకు తగిలేది ఏ తోకో తెలియాలంటే తోకతో సహా రాయాలి.

వాట్సాప్ మెసేజీ అయితే అది ఫోన్లో భద్రంగా ఉంటుంది, ఉన్నదున్నట్టు ఎక్కించుకోండి. రాతలో ధోరణిని మనం చదివేది చాలావరకు ఊహే. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ళ సహచరులు ఈమెయిళ్ళ మీద ప్రయోగాలు చేశారు. తమ వెటకారం అవతలివాళ్ళకి తెలిసిపోతుందని రాసినవాళ్ళు ధీమాగా ఉన్నారు. తీరా చూస్తే చదివినవాళ్ళు దాన్ని పోల్చుకోగలిగింది బొమ్మా బొరుసా వేసినదానికన్నా పెద్ద ఎక్కువేం కాదు. అందుకని "ఓకే" అన్న మెసేజీ చూసి మండితే, ఆ మంట పక్కన "రాతలో" అని గుర్తు పెట్టుకోండి. తరవాత పనికొస్తుంది.

రెండో ముక్క: ఒంట్లో మొదట ఎక్కడ తెలిసింది. చెవులు వేడెక్కాయా, దవడ బిగిసిందా, కడుపులో తిప్పిందా, చేతులు చల్లబడ్డాయా. ఒక్కో మనిషికి మొదటి గుర్తు దాదాపు ఒకే చోట వస్తుంది. మాట జారడానికి కొన్ని క్షణాల ముందు వచ్చే హెచ్చరిక అదే కాబట్టి అది తెలిసి ఉండటం చాలా లాభం.

మూడో ముక్క: ఆ క్షణంలో మనసులో మెదిలిన వాక్యం. కోపాన్ని వర్ణించమని కాదు, అచ్చంగా ఆ వాక్యం కావాలి. "రేపు ఇది నా నెత్తినే పడుద్ది", "నేనేమన్నా బిచ్చమడుగుతున్నానా", "చిన్నోడి ముందు పరువు తీశాడు". ఆరన్ బెక్ 1960ల్లో తన దగ్గరికి వచ్చే దిగులు మనుషుల మాటల్లో ఇలాంటి వాక్యాలనే గమనించి, తన వైద్యపద్ధతిని వాటి మీదే నిలబెట్టాడు. ఆలోచించకుండానే వచ్చిపడతాయి, వచ్చినట్టు కూడా సరిగ్గా తెలియదు. మొదటి రెండు రోజులూ మీకూ ఏమీ దొరకదు. "కోపం వచ్చింది, అంతే" అని ఉంటుంది. మూడో నాలుగో రోజుకి దొరకడం మొదలవుతుంది.

నాలుగో ముక్క, మీరేం చేశారు, ఆ తరవాత ఏం జరిగింది. ఐదో ముక్క, ఆ పూట హంగులు: ఎన్ని గంటలు నిద్రపోయారు, చివరగా ఎప్పుడు తిన్నారు, ముందు గంటలో ఇంకో గొడవ ఏమన్నా అయిందా.

కోపం రాని పూటలు

మొదటి వారం అతి సంగతుల్నే రాయండి. శుక్రవారం సాయంత్రం వాటిని చదివి, మీ ట్రిగ్గర్ ఏమిటని తోస్తోందో ఒక్క వాక్యంలో రాయండి. అది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. రెండో వారం నుంచి ఆ వాక్యంలో ఉన్నదే మళ్ళీ జరిగిన ప్రతిసారీ రాయాలి, మీకు ఏమీ అనిపించకపోయినా సరే. ఇది విసుగ్గా ఉంటుంది. ఏమీ కాలేదు, ఇంక రాయడానికేముంది అనిపిస్తుంది. కానీ ఒకే సంగతి ఒకరోజు కాల్చి, మరొకరోజు కాల్చకపోతే, ఆ రెండు రోజుల మధ్య తేడాలోనే అసలు కారణం ఉంటుంది. కాల్చిన రోజుల్నే పక్కపక్కన పెట్టుకుంటే అందులో అన్నీ కారణాల్లాగే కనిపిస్తాయి.

మన గుమస్తా నోటుబుక్కు

మొదట చెప్పిన గుమస్తానే తీసుకుందాం. అలాంటి కొట్లలో జరిగే సంగతులతోనే ఈ లెక్క కట్టాం. సీజను మధ్యలో ఉంది. అతని అనుమానం "సార్ నలుగురి ముందు గొంతు పెంచితే".

సోమవారం 11.40. కాటా చీటీలో 38 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, 1,569 కిలోలని ఉంది. అతను బస్తాల లెక్క కూడితే 1,596 వచ్చింది. రెండంకెలు తారుమారయ్యాయి, 27 కిలోల తేడా. క్వింటా 15,000 లెక్కన రైతుకి 4,050 రూపాయలు తక్కువ పడతాయి. బల్ల దగ్గర నిలబడి "సార్, ఈ చీటీలో తేడా ఉంది" అన్నాడు. సార్ ఫోనులోంచి తల ఎత్తలేదు. పక్కనున్న కొనుబడిదారు వైపు తిరిగి తేజా రకం ధర మాట్లాడటం మొదలుపెట్టారు. గుమస్తా పుస్తకం బల్ల మీద విసిరి "నేను మనిషిని కాదా ఇక్కడ?" అన్నాడు. రైతు, కొనుబడిదారు, ఇద్దరూ చూశారు. సంగతి 3, కదిలింది 8. ఒంట్లో: చెవులు వేడి. మనసులో: "సాయంత్రం పద్దు తేలకపోతే నన్నే అంటారు".

బుధవారం కొనుబడిదారు ఆఫీసులో లెక్కలు చూసే అతనికి వాట్సాప్‌లో "మీ లిస్టులో ఒక లాటు రెండుసార్లు ఎక్కింది, చూడండి" అని పెట్టాడు. నీలం టిక్కులు పడ్డాయి. రెండు గంటలైనా జవాబు లేదు. ఫోన్ చేసి గట్టిగా అరిచాడు. సంగతి 2, కదిలింది 7.

శుక్రవారం కొట్లో ఎవరూ లేరు. నిన్నటి పట్టీలో హమాలీ ఖర్చు తప్పు పడిందని చెప్పాడు. సార్ పేపరు చదువుతూ ఉండిపోయారు. ఇతను ఏమీ అనలేదు, బయటికెళ్ళి గంటసేపు రాలేదు. సంగతి 2, కదిలింది 6.

వారం చివర మూడూ చూసుకుంటే మొదటి అనుమానం అప్పటికే కూలిపోయింది. మూడింట్లో ఎక్కడా అవతలివాళ్ళు గొంతు పెంచలేదు. శుక్రవారం నలుగురూ లేరు. అతను వాక్యం మార్చి రాసుకున్నాడు: "నేను మాట్లాడితే పట్టించుకోకపోతే". ఇది మెరుగే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "నన్ను పట్టించుకోకపోతే నాకు తిక్క, అది నా ట్రిగ్గర్" అని తేల్చేసుకుంటారు. కానీ పట్టించుకోకపోతే అందరికీ ఎంతోకొంత బాధే. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్టు 2000లో సహచరులతో కలిసి కంప్యూటర్ మీద బంతాట పెట్టి ఈ సంగతి చూశాడు. తెర మీద మరో ఇద్దరు ఆటగాళ్ళు కాసేపు మీకు బంతి వేసి, తరవాత వాళ్ళలో వాళ్ళే వేసుకుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు అలా వదిలేసినా మనుషులు చిన్నబుచ్చుకున్నారు. 2004లో చేసిన మరో ప్రయోగంలో, అవతల ఆడుతున్నది కంప్యూటరేనని ముందే చెప్పినా చిన్నబుచ్చుకున్నారు. కాబట్టి "పట్టించుకోకపోవడం" అన్న మాట మీకంటూ ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. ఇంకో మెట్టు దిగాలి.

రెండో వారం అతను కోపం రాని పూటలు కూడా రాశాడు. మంగళవారం సార్ యార్డు అవతలి నుంచి "ఏరా, ఆ పట్టీ ఎక్కడ పెట్టి చచ్చావ్!" అని పెద్దగా కేకేశారు, వరసంతా విన్నారు. "ఇదిగో సార్" అని తెచ్చిచ్చాడు. కదిలింది సున్నా. అదే రోజు టీ డబ్బులు అడిగితే సార్ ఫోను చూస్తూ పలకలేదు. ఇతను రెండోసారి అడిగి తీసుకెళ్ళాడు. కదిలింది 1. గురువారం మళ్ళీ కాటా చీటీలో తేడా చెప్పాడు. సార్ ఫోనులో మాట్లాడుతూనే చెయ్యెత్తి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించారు. పది నిమిషాలు ఆగాడు. కదిలింది 1. శుక్రవారం తేడా చెబితే ఏ సైగా లేదు. చీటీ చింపి కొత్తది రాయమంటూ కాటా గుమస్తా మీద విరుచుకుపడ్డాడు. కదిలింది 7.

ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. టీ డబ్బుల దగ్గరా పలకలేదు, కానీ కాలలేదు. అంటే పలకకపోవడం ఒక్కటే చాలదు. గురువారం లెక్కలో తేడానే, కానీ సైగ వచ్చింది, కాలలేదు. అంటే లెక్కలో తేడా ఒక్కటే చాలదు. రెండూ కలవాలి: లెక్కలో తప్పు పట్టుకుని చెప్పడం, అవతలి మనిషి విన్నట్టు ఏ గుర్తూ రాకపోవడం. మనసులో వాక్యం కూడా నాలుగుసార్లూ ఒకటే, "నన్నే అంటారు". చెప్పినట్టు దాఖలా లేకపోతే తప్పు తన మీదకొస్తుందన్న భయం అది. పైకి కోపం, లోపల నింద పడుతుందన్న జంకు. సార్ గొంతుకీ, నలుగురి ముందు పరువుకీ దీంతో సంబంధమే లేదు. ఇన్నాళ్ళూ అతను వాటితోనే కుస్తీ పడుతున్నాడు.

మీ వాక్యం కూడా ఇంత ఇరుకుగా తేలాలి. తేలిందో లేదో చూసుకోవడానికి ఒక కొలత ఉంది: ఆ వాక్యం చదివితే వచ్చే వారం ఏ రోజు, ఎవరి దగ్గర, ఏ పనిలో మీకు మండుతుందో ముందే చెప్పగలగాలి. "నాకు గౌరవం లేకపోతే పడదు" అన్న వాక్యంతో అది చెప్పలేం. "నాకన్నా చిన్నవాళ్ళ ముందు, నాకు ముందే తెలిసిన పనిని మళ్ళీ నేర్పుతున్నట్టు చెబితే" అన్న వాక్యంతో చెప్పగలం.

ఆకలి, నిద్ర ఎక్కడ పెట్టాలి

మన గుమస్తా నాలుగు అతి సంగతుల్లో మూడు మధ్యాహ్నం భోజనానికి ముందు పూటే జరిగాయి. అందుకని "ఆకలే నా ట్రిగ్గర్" అనుకుంటే తప్పు. సార్ కేకేసినప్పుడూ ఆకలితోనే ఉన్నాడు, ఏమీ కాలేదు. ఆకలి, నిద్రలేమి, ఘాటుకి పట్టిన దగ్గు, బందరు రోడ్డు ట్రాఫిక్‌లో నలిగి విజయవాడ ఆఫీసుకి చేరడం, ఇవి మంట సెగని పెంచుతాయి, అంటించేది వేరు. 1970ల్లో డాల్ఫ్ జిల్‌మన్ చేసిన ప్రయోగాల్లో, వ్యాయామం సైకిలు తొక్కి ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడనివాళ్ళు, ఎవరైనా కవ్విస్తే మామూలుకన్నా ఎక్కువగా ఎదురుతిరిగారు. ఒంట్లో మిగిలిన వేడిని వాళ్ళు కోపం కింద జమకట్టేశారు. మీ పుస్తకంలో ఐదో ముక్క ఇందుకే. హంగులు బాగాలేని రోజున కదిలిన అంకె రెండు మూడు ఎక్కువ వస్తోందంటే అది సెగ. హంగులు బాగున్న రోజు కూడా అదే సంగతి కాలుస్తోందంటే అది నిప్పు.

సెగకి మందు తేలిక. పదకొండుకి ఏదన్నా తినడం, గొడవైన గంటలోపు ఇంకో కష్టమైన మాట పెట్టుకోకపోవడం. అంతకుమించి దాని గురించి చెప్పడానికేం లేదు.

మూడో వారం: ఒక్కటే మార్చి చూడటం

తేలిన వాక్యం నిజమా కాదా అన్నది మార్చి చూస్తేనే తెలుస్తుంది. ఒకేసారి నాలుగు మార్చకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ఊపిరి పీల్చడం, నీళ్ళు తాగడం, యోగా, అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు.

మన గుమస్తాకి కావలసింది విన్నారన్న గుర్తు. కాబట్టి ఆ గుర్తుని తనే అడగాలి, అదీ జవాబివ్వడానికి తేలికగా ఉండేలా. "సార్, చీటీలో తేడా ఉంది" అని చెప్పి నిలబడితే అవతలి మనిషి అప్పుడే ఆలోచించాలి, కాబట్టి దాటేస్తారు. దాని బదులు "సార్, 38 టిక్కీల లాటులో 27 కిలోల తేడా ఉంది. ఇప్పుడు చూస్తారా, కాటా అయ్యాక చూస్తారా?" అని అడిగి, ఆ రెండు అంకెలూ చిన్న చీటీ మీద టైముతో సహా రాసి బల్ల మీద పెట్టాడు. చీటీ ఉంది కాబట్టి "నన్నే అంటారు" అన్న జంకుకి ఊతం పోయింది. ప్రశ్న రెండు దారుల్లో ఉంది కాబట్టి "అయ్యాక" అన్న ఒక్క మాట చాలు.

మూడో వారంలో నాలుగుసార్లు అలాంటి తేడాలు వచ్చాయి. మూడుసార్లు "అయ్యాక" అనో, తల ఊపో జవాబొచ్చింది, కదిలింది 1 దాటలేదు. నాలుగోసారి ఏ జవాబూ రాలేదు. అప్పుడు కదిలింది 4, కానీ నోరు జారలేదు. 7, 8 నుంచి 4కి వచ్చిందంటే పట్టుకున్న కారణం సరైనదే. సున్నాకి రాలేదంటే మిగిలింది పాత అలవాటు, దానికి టైము పడుతుంది. ఒకవేళ మార్చినా అంకెలు కదలకపోతే బాధపడక్కర్లేదు. మీ వాక్యం ఇంకో మెట్టు దిగాలన్నమాట. మళ్ళీ రెండో వారం పేజీలకి వెళ్ళి, కాలిన రోజుకీ కాలని రోజుకీ ఇంకేం తేడా ఉందో చూడండి: ఎవరు, రాతలోనా ఎదురుగానా, పొద్దునా సాయంత్రమా, మీ తప్పుందా లేదా.

ఆ నాలుగోసారి లాంటి క్షణం కోసం ఒక వాక్యం ముందే తయారుగా పెట్టుకోవాలి. "చెవులు వేడెక్కితే, చీటీ బల్ల మీద పెట్టి కాటా దగ్గరికి నడుస్తాను." మొదటి సగంలో మీ ఒంటి గుర్తు, రెండో సగంలో చేతులతో కాళ్ళతో చేసే పని. "శాంతంగా ఉంటాను" అన్నది పని కాదు, ఆ క్షణంలో అది ఎవరి చేతా కాదు. ఆ పని కొట్లో సహజంగా కనిపించేది కావాలి. కళ్ళు మూసుకుని పది లెక్కపెడుతూ నిలబడితే ముఠావాళ్ళే నవ్వుతారు.

అవతలి మనిషికి చెప్పాలా

చెప్పొచ్చు, కానీ ట్రిగ్గర్ అన్న మాట వాడకుండా. "అది నా ట్రిగ్గర్ సార్, మీరలా చెయ్యకండి" అంటే అవతలివాళ్ళకి అది నేరారోపణలా వినిపిస్తుంది. మీకేమో మారాల్సింది వాళ్ళే అన్న సాకు దొరుకుతుంది. చెప్పాల్సింది పని రూపంలో చెప్పండి, గొడవ లేని పూట, కొట్టు కట్టేసే వేళ: "సార్, లెక్కలో తేడా చెప్పినప్పుడు ఆగమని ఒక్క సైగ చేయండి చాలు, నేను ఆగుతాను." ఒకే సైగ, ఒకే సందర్భం. దానికి కాదనే యజమాని అరుదు. మీ కింద పనిచేసే కుర్రాడు పలకకపోతే మాత్రం ముందు వాడికి అర్థమైందా అని చూడాలి. పెద్దవాళ్ళు చెబుతుంటే బదులు పలకడమే ఎదురుమాట అనుకుని తలొంచుకునే పిల్లలు మన దగ్గర చాలామంది. ఆ మౌనం వినకపోవడం కాదు.

ఈ పుస్తకం పనికిరాని చోట్లు

రెండు అంకెలూ దగ్గర దగ్గరగా వస్తున్నాయనుకోండి, సంగతి 7, కదిలింది 8. పదిహేను రోజుల్లో సగం పేజీలు అలాగే ఉంటే ఇక్కడ అతి మీది కాదు. తిట్లు, చెయ్యి చేసుకోవడం, జీతం ఎగ్గొట్టడం, ఆడవాళ్ళతో వెకిలి మాటలు, వీటికి మీరు మండటం సబబే. అప్పుడు ఆ పుస్తకం తారీఖులతో సహా సాక్ష్యంగా పనికొస్తుంది, పారేయకండి.

అంకెలు ఏ సంగతికీ ముడిపడకుండా ఇంట్లో, బండి మీద, కొట్లో, అన్నిచోట్లా 7, 8 వస్తుంటే ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా, మందుబిళ్ళ వేసుకునే షుగరువాళ్ళకి చక్కెర పడిపోయినా చిరాకు ఇలాగే ఉంటుంది. రాత్రి తాగి సరిగ్గా నిద్రపోనివాళ్ళకీ అంతే. కోపంలో చెయ్యెత్తేదాకా వెళ్తున్నా, తరవాత చచ్చిపోవాలనిపించేంత దిగులు వస్తున్నా, నోటుబుక్కు పక్కన పెట్టి టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక మళ్ళీ ఎప్పుడు రాయాలంటే, కొట్టు మారినప్పుడో, మీ మీద కొత్త మనిషి వచ్చినప్పుడో, పని రకం మారినప్పుడో. ఎండాకాలం సెలవులకి యార్డు మూసి, మళ్ళీ తెరిచిన మొదటి వారం రాయకండి. అప్పుడు సరుకు పల్చగా ఉంటుంది, తేడాలు రావు, అందరూ నిమ్మళంగా ఉంటారు. అంకెలన్నీ సున్నాలే వచ్చి, అంతా సర్దుకుందని మోసపోతారు. లారీలు వరసకట్టే రోజుల్లో రాయాలి.